ఎఫ్ఐఆర్‌లో ఆలస్యం: కోర్టు గంటలను ఎలా లెక్కిస్తుంది

నేరం జరిగిన సంగతి పోలీసులకు మొదటిసారి అందినప్పుడు స్టేషన్‌లో నమోదయ్యేదే ప్రథమ సమాచార నివేదిక, అందరి నోటా ఎఫ్ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ దీని గురించి చెబుతుంది. అంతకుముందు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 154వ సెక్షన్ కింద ఇదే జరిగేది. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం గురించి ఎవరైనా వచ్చి నోటితో చెబితే స్టేషన్ అధికారి దాన్ని రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి. ఆ ఫారంలో సంఘటన జరిగిన సమయానికి ఒక గడి, సమాచారం స్టేషన్‌కు అందిన సమయానికి మరో గడి ఉంటాయి. సంఘటన స్థలం స్టేషన్‌కు ఎంత దూరం, ఏ దిక్కున ఉందో కూడా రాయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే కారణమేమిటో చెప్పేందుకు విడిగా ఒక గడి ఉంది. చాలా ఎఫ్ఐఆర్‌లలో ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదంటే ‘ఆలస్యం లేదు’ అని యాంత్రికంగా నింపేసి ఉంటుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక విచారణలో ముద్దాయి తరఫు న్యాయవాది మొదట వేలు పెట్టి చూపించే చోటు తరచుగా అదే.

ఎఫ్ఐఆర్ తనంతట తాను నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం కాదు. దాన్ని ఇచ్చిన మనిషి కోర్టుకు వచ్చి బోనులో నిలబడి చెప్పిందే సాక్ష్యం. అప్పుడు ఎఫ్ఐఆర్ రెండు రకాలుగా పనికొస్తుంది. మొదట్లో చెప్పినదే ఇప్పుడూ చెబుతున్నాడని చూపించి అతని మాటకు బలం చేకూర్చవచ్చు. అప్పుడు ఒకటి చెప్పి ఇప్పుడు మరొకటి చెబుతున్నాడని నిలదీయనూ వచ్చు. మొదటి ప్రయోజనమంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడి ఉంది: సంఘటన జరిగిన వెంటనే, ఎవరితోనూ కూర్చుని ఆలోచించుకునే వ్యవధి లేకుండా చెప్పిన మాటలో కల్పనకు చోటు తక్కువ. ఆ వ్యవధి దొరికిందని తేలితే ఎఫ్ఐఆర్ ఇచ్చే బలం తగ్గిపోతుంది. ఆలస్యం వల్ల ప్రాసిక్యూషన్‌కు జరిగే అసలు నష్టం ఇదే.

ఈ విషయంలో ఇప్పటికీ న్యాయవాదులు ముందుగా ఉదాహరించే తీర్పు 1972లో సుప్రీంకోర్టు ఇచ్చిన తులియా కాళి కేసు. 1970 మార్చి 12న తమిళనాడులోని ఒక పల్లె దగ్గర ఒక మహిళ హత్యకు గురైంది. తమ కళ్లెదుటే జరిగిందని చెప్పిన సాక్షుల్లో ఆమె సవతి కొడుకు ఒకడు. ఫిర్యాదు ఇచ్చిందీ అతనే. అయితే పోలీస్ స్టేషన్ రెండు మైళ్ల దూరంలోనే ఉన్నా ఆ ఫిర్యాదు అక్కడికి చేరడానికి 20 గంటలకు పైగా పట్టింది. కింది కోర్టులు ముద్దాయిని దోషిగా తేల్చాయి. సుప్రీంకోర్టు మాత్రం ఒక మామూలు ప్రశ్న వేసుకుంది. పట్టపగలు కళ్లారా హత్య చూసిన దగ్గరి బంధువు, రెండు మైళ్ల దూరం వెళ్లి ఎవరు చంపారో చెప్పడానికి మర్నాటిదాకా ఎందుకు ఆగాడు? దానికి నమ్మదగిన సమాధానం రాలేదు. ఆలస్యమయ్యే కొద్దీ ఫిర్యాదు సహజత్వం కోల్పోతుందని, రంగులద్దిన కథనమో అతిశయోక్తులో సంప్రదింపుల తర్వాత అల్లిన కథో చొరబడే ప్రమాదం ఉంటుందని, అందుకే ఆలస్యానికి సంతృప్తికరమైన వివరణ ఉండి తీరాలని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా రాసిన తీర్పు చెప్పింది. ముద్దాయి విడుదలయ్యాడు.

ఆ తీర్పును చాలామంది ఇరవై గంటల ఆలస్యం ప్రాసిక్యూషన్‌కు ప్రాణాంతకం అన్నట్టు చదువుతారు. అది పొరపాటు. అక్కడ గంటల సంఖ్య కంటే దూరం, బంధుత్వం, ప్రవర్తన ఎక్కువ బరువు తూగాయి. ఎన్ని గంటలు దాటితే ఆలస్యమని లెక్కించాలో ఏ చట్టమూ చెప్పలేదు. 1973 నాటి ఒక కేరళ కేసులో, ఇంత సమయమైతే సహేతుకం అని గీత గీయలేమని, ప్రతి కేసులో వాస్తవాలను బట్టే తేల్చుకోవాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్ కేసు ఒకదానిలో ఇంకో అడుగు ముందుకు వేసి, ముద్దాయిని ఇరికించాలన్న ఉద్దేశం సాక్షులకు లేనప్పుడు ఎక్కువ ఆలస్యాన్నైనా పట్టించుకోనక్కర్లేదని, అలాగే వెంటనే ఇచ్చినంత మాత్రాన ఫిర్యాదు నిజమనే హామీ ఏమీ ఉండదని కూడా చెప్పింది. పాత కక్షలున్న ఊళ్లలో సంఘటన జరిగిన గంటలోపే ప్రత్యర్థుల పేర్లన్నీ చేర్చి ఫిర్యాదు ఇవ్వడం ఎవరికీ తెలియనిది కాదు.

మరి న్యాయమూర్తి ఆ గంటలను ఎలా తూస్తాడు? దీన్ని ఒక ఊహాత్మక కేసులో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక పల్లెలో సాయంత్రం ఆరు గంటలకు పొలం గట్టు దగ్గర గొడవ జరిగింది. ఒక రైతు తలకు గొడ్డలి దెబ్బ తగిలింది. పోలీస్ స్టేషన్ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. భార్య, ఇద్దరు బంధువులు అతన్ని ఆటోలో ఏరియా ఆసుపత్రికి చేర్చేసరికి ఎనిమిదైంది. అక్కడి డాక్టరు కట్టు కట్టి, రిజిస్టరులో కేసు వివరాలు రాసి, పోలీసులకు సమాచారం పంపి, నగరంలోని పెద్దాసుపత్రికి పంపించాడు. పదకొండు గంటలకు అక్కడికి చేరారు. అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు రైతు చనిపోయాడు. మర్నాడు ఉదయం పదిన్నరకు భార్య ఇచ్చిన ఫిర్యాదు మీద ఎఫ్ఐఆర్ నమోదైంది. అందులో ఐదుగురి పేర్లున్నాయి.

మొత్తం పదహారున్నర గంటలు. కోర్టు ఈ వ్యవధిని ముక్కలు ముక్కలుగా విడదీస్తుంది. ఆరు నుంచి ఒంటి గంట వరకు భార్య చేతిలో ప్రాణం నిలబెట్టే పని ఉంది. ఆ ఏడు గంటలను ఏ కోర్టూ తప్పుపట్టదు. గాయపడిన మనిషిని వదిలేసి ముందు స్టేషన్‌కు పరుగెత్తాలని ఏ న్యాయమూర్తీ ఆశించడు. ఒంటి గంట నుంచి తెల్లవారే వరకు ఆమె దుఃఖంలో ఉంది, పరాయి ఊళ్లో ఉంది, రాత్రివేళ. అయినవాళ్లు పోయిన బాధలో మునిగినవాళ్లు యంత్రాల్లా కదిలి ఫిర్యాదు ఇవ్వాలని కోరలేమని 1991 నాటి ఒక పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఈ భాగం కూడా సర్దుకుంటుంది. ఇక్కడికి కేసు బాగానే ఉంది.

చిక్కు మిగతా మనుషుల దగ్గర మొదలవుతుంది. చనిపోయిన రైతు బావమరిది కూడా సంఘటన చూశానని కోర్టులో చెప్పాడనుకుందాం. అతను ఆసుపత్రికి వెళ్లలేదు, ఊళ్లోనే ఉన్నాడు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని స్టేషన్‌కు రాత్రంతా ఎందుకు వెళ్లలేదు? కనీసం ఫోనైనా ఎందుకు చేయలేదు? భయంతో తలుపులు వేసుకున్నానంటే, ఆ భయానికి ఆధారాలు రికార్డులో ఉండాలి. అప్పటికే దాడి చేసినవాళ్లు వీధిలో తిరుగుతున్నారని ఇంకెవరైనా చెప్పాలి. అవేవీ లేకపోతే అతను నిజంగా చూశాడా, లేక తర్వాత సాక్షిగా చేర్చారా అన్న అనుమానం వస్తుంది. ఒకరి ఆలస్యానికి వివరణ ఉన్నంత మాత్రాన అందరి ఆలస్యానికీ అది సరిపోదు.

తర్వాత ఏరియా ఆసుపత్రి రిజిస్టరు. రాత్రి ఎనిమిది గంటలకు డాక్టరు అందులో ‘తెలియని వ్యక్తులు కొట్టినట్టు చెప్పారు’ అని రాసుకున్నాడనుకుందాం. పద్నాలుగు గంటల తర్వాత ఎఫ్ఐఆర్‌లో ఐదుగురి పేర్లు, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో సహా వచ్చాయి. నిజానికి డాక్టరు పని వైద్యం. కొట్టిందెవరో విచారించడం అతని బాధ్యత కాదు. ఆ మాట ఎవరు చెప్పారో, గాయపడిన మనిషికి స్పృహ ఉందో లేదో చూడకుండా దాన్ని పట్టుకుని వేలాడకూడదు. కానీ పక్కనే ఉన్న భార్య ఆ మాట చెప్పిందని తేలితే ప్రాసిక్యూషన్ ఇరకాటంలో పడుతుంది. ఆమెకు ఆ రాత్రి తెలియని పేర్లు తెల్లవారేసరికి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆలస్యం గురించి కోర్టు వేసే అసలు ప్రశ్న ఇదే. గడిచిన సమయంలో కథనం పెరిగిందా, లేదా?

ఇక ఆసుపత్రి పంపిన సమాచారం. అది రాత్రి ఎనిమిదింపావుకే పోలీసులకు చేరి ఉంటే, ఎవరూ వచ్చి వాంగ్మూలం ఎందుకు రాసుకోలేదన్నది పోలీసులు జవాబివ్వాల్సిన సంగతి. వాళ్ల నిర్లక్ష్యానికి బాధితులను శిక్షించడం సరికాదని కోర్టులు చాలాసార్లు అన్నాయి. కానీ ఒకవేళ కానిస్టేబులు రాత్రే వచ్చి ఒక వాంగ్మూలం తీసుకుని, దాన్ని పక్కన పెట్టి, ఉదయం కొత్తగా రాయించిన ఫిర్యాదుపై ఎఫ్ఐఆర్ కట్టారని తేలితే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. మొదటి మాటను దాచి రెండోదాన్ని మొదటిదిగా చూపించారన్న నింద నుంచి ప్రాసిక్యూషన్ బయటపడటం చాలా కష్టం.

ఇలాంటి అనుమానాలను తేల్చడానికి ఎఫ్ఐఆర్‌కు బయట ఉన్న కాగితాలు సాయపడతాయి. స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంటుంది. వచ్చిన ప్రతి సమాచారం వరుసగా అందులో నమోదవుతుంది కాబట్టి మధ్యలో ఒకటి ఇరికించడం కష్టం. ఎఫ్ఐఆర్ విషయాన్ని మేజిస్ట్రేటుకు వెంటనే తెలియజేయాలని చట్టం చెబుతుంది. పాత కోడ్‌లో అది 157వ సెక్షన్, కొత్తదానిలో 176. హత్య కేసుల్లో కానిస్టేబులు ఆ ప్రతిని రాత్రివేళైనా మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్తాడు. మేజిస్ట్రేటు అందిన తేదీ, సమయం వేసి సంతకం చేస్తారు. శవ పంచనామా మరో ఆధారం. పంచనామా కాగితాల్లో ఎఫ్ఐఆర్ సారాంశం, క్రైమ్ నంబరు లేకపోతే, పంచనామా జరిగే సమయానికి ఎఫ్ఐఆర్ ఇంకా పుట్టలేదేమోనన్న ప్రశ్న వస్తుంది. ఎఫ్ఐఆర్‌కు వెనకటి సమయం వేశారన్న ఆరోపణను పరీక్షించేందుకు మేజిస్ట్రేటుకు అందిన సమయం, పంచనామాతో పాటు వెళ్లిన ప్రతి అనే ఈ రెండింటినీ చూడాలని 1994లో ఒక ఉత్తరప్రదేశ్ హత్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊహాత్మక కేసులో ఎఫ్ఐఆర్ పదిన్నరకు నమోదై, అదే ఊళ్లో ఉన్న మేజిస్ట్రేటుకు సాయంత్రం ఆరుకు అందితే, ఆ ఏడున్నర గంటలకూ దర్యాప్తు అధికారి జవాబు చెప్పుకోవాలి. అయితే ఇక్కడ కూడా కాగితం ఆలస్యంగా చేరడం ఒక్కటే కేసును కూల్చదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ అధికారిని దీని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చివర్లో వాదనలో లేవనెత్తితే, వివరణ చెప్పే అవకాశమే ఇవ్వలేదు కదా అని కోర్టులు తిప్పికొడతాయి.

వివరణ ఎలా ఉంటే వీగిపోతుందో చూపించే తీర్పు ఒకటి మన రాష్ట్రం నుంచే ఉంది. భర్త, అత్తింటివాళ్లు వేధించారన్న 498ఎ కేసు అది. 1996 ఏప్రిల్ 19న తనకు బలవంతంగా విషం తాగించే ప్రయత్నం చేశారని భార్య ఆరోపించింది. ఏప్రిల్ 22న ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి పుట్టింటికి వెళ్లింది. ఫిర్యాదు ఇచ్చింది మే 22న. హైకోర్టు భర్తను నిర్దోషిగా తేల్చగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారన్న ప్రశ్నకు ఆమె కోర్టులో ఇచ్చిన జవాబు, అత్తింటివాళ్లు ఎవరూ తన క్షేమం అడగడానికి రాలేదు కాబట్టి ఫిర్యాదు ఇవ్వాలని నిర్ణయించుకున్నానన్నది. ఈ జవాబు ఫిర్యాదుకు కారణాన్ని చెబుతుంది గానీ ఆలస్యానికి కాదు. పైగా ఎవరైనా పలకరించడానికి వచ్చి ఉంటే ఫిర్యాదు ఉండేది కాదన్న అర్థం దాన్నుంచి వస్తుంది. విషం తాగించే ప్రయత్నమంత తీవ్రమైన ఆరోపణకు, పుట్టింట్లో క్షేమంగా ఉన్న నెల రోజుల నిరీక్షణ పొసగలేదు. నమ్మదగిన వివరణ ఏదీ లేదని సుప్రీంకోర్టు 2008లో చెప్పి, ఇతర కారణాలు కూడా చూసి, అప్పీలును తోసిపుచ్చింది.

ఆమె అబద్ధమాడిందని దీని అర్థం కాదు. సంసారాన్ని కాపాడుకోవాలని నెలల తరబడి ఓర్చుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. పెద్దల మధ్య రాజీ మాటలు జరిగితే ఆ సంగతి కోర్టు ముందుకు రావాలి. ఎప్పుడు ఎవరు కూర్చున్నారు, ఏం మాట్లాడారు అన్నది ఆ పెద్దల్లో ఒకరైనా సాక్షిగా చెప్పాలి. కోర్టు చూసేది రికార్డులో ఉన్న వివరణనే. మనసులో ఉన్నదాన్ని ఊహించుకుని ఖాళీ నింపదు. దాన్ని ప్రభుత్వ న్యాయవాది తన వాదనలో చెబితే చాలదు, సాక్షి నోటి నుంచే రావాలి.

లైంగిక నేరాల విషయంలో కొలత వేరు. అక్కడ కోర్టులు ఆలస్యాన్ని మామూలుగానే ఊహిస్తాయి. పంజాబ్‌లో పరీక్ష రాసి వస్తున్న బాలికను ఎత్తుకెళ్లి అత్యాచారం చేసిన కేసులో తండ్రి ముందుగా సర్పంచి దగ్గరికి వెళ్లాడు, అక్కడ న్యాయం దొరక్క పోలీసుల దగ్గరికి వెళ్లాడు. కింది కోర్టు ఈ ఆలస్యాన్ని తప్పుపట్టి ముద్దాయిలను వదిలేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. బాలిక పరువు, కుటుంబ గౌరవం ఏమవుతాయోనన్న సంకోచంతో చల్లగా ఆలోచించుకున్నాకే ఇలాంటి ఫిర్యాదులు వస్తాయని, ఆ వాస్తవాన్ని కోర్టులు చూడకపోతే ఎలా అని జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ రాసిన తీర్పు ప్రశ్నించింది. పొలం గట్టు గొడవలో అనుమానం పుట్టించే సంప్రదింపు, ఇక్కడ సహజమైన నడవడిక అవుతుంది. 2001లో హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన చిన్నారి కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా, ఆలస్యాన్ని మంత్రంలా వల్లించి కేసును కొట్టేయకూడదని, ఆలస్యం కనిపిస్తే కోర్టు జాగ్రత్తపడి వివరణ కోసం వెతకాలని, వివరణ ఉంటే ఆలస్యాన్ని పక్కన పెట్టాలని చెప్పింది.

ఇందుకు మరో కొస ఆస్తి తగాదాలు, డబ్బు లావాదేవీల్లో కనిపిస్తుంది. సివిల్ దావా ఓడిపోయాక, ఏళ్ల కిందటి పత్రంలో ఫోర్జరీ జరిగిందంటూ క్రిమినల్ కేసు పెట్టినప్పుడు ఆలస్యాన్ని కోర్టులు కఠినంగా చూస్తాయి. దెబ్బతిన్న పట్టుదలతో పెట్టిన కేసా అని ఆరా తీస్తాయి. ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెబుతూనే, సరైన కారణం లేకుండా మూడు నెలలకు మించి ఆలస్యమైన ఫిర్యాదుల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చని మినహాయింపు ఇచ్చింది. తక్కువ శిక్ష ఉన్న నేరాలకు విడిగా కాలపరిమితి కూడా ఉంది. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలపై మూడేళ్లు దాటితే కోర్టు మామూలుగా కేసు స్వీకరించదు. హత్య, అత్యాచారం వంటి పెద్ద నేరాలకు అలాంటి గడువు లేదు.

ఫిర్యాదుదారు సకాలంలో వెళ్లినా స్టేషన్‌లోనే కాలం గడిచిపోయిన కేసులూ తక్కువేం కాదు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడం అందులో ముఖ్యమైనది. ఇప్పుడు చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే చాలు. స్టేషన్ అధికారి నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆలస్యం పోలీసుల వల్లేనని కోర్టులో చెప్పాలంటే ఆ ప్రయత్నాల జాడ ఉండాలి: ఎస్పీకి పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు, 112కు చేసిన కాల్ రికార్డు, ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు అందిన సమాచారం. ఎవరో కొట్టుకుంటున్నారు రండి అని చేసిన ఫోన్‌లో వివరాలు లేకపోతే అది ఎఫ్ఐఆర్ కాదు. అయినా ఆ సమయానికి సంఘటన జరిగిందని, తెలియజేసే ప్రయత్నం జరిగిందని అది చెబుతుంది.

వివరణ నిలబడకపోతే ఏమవుతుంది? ముద్దాయి తనంతట తానే విడుదల కాడు. కోర్టు మిగతా సాక్ష్యాన్ని మరింత అనుమానంతో చదువుతుంది. స్వాధీనం చేసుకున్న ఆయుధం, దాని మీది రక్తపు మరకలు, పోస్టుమార్టంలో కనిపించిన గాయాలు, ఏ పక్షానికీ చెందని సాక్షి మాట కలిసి ఒకే కథ చెబితే శిక్ష పడవచ్చు. ప్రత్యక్ష సాక్షులంతా బంధువులై, ఆలస్యానికి సమాధానం లేక, భౌతిక ఆధారాలు కూడా పలచగా ఉంటే, ఆ మిగిలిన సందేహం ముద్దాయికి లాభిస్తుంది. మన ఊహాత్మక కేసులో మూడో దారి కూడా ఉంది. తలపై గొడ్డలి దెబ్బ వేసింది ఫలానావాడని భార్య మొదటి నుంచీ చెబుతోంది, గాయం కూడా దానికి సరిపోయింది. మిగతా నలుగురూ అక్కడే నిలబడి కేకలు వేశారన్నది మాత్రం ఉదయం ఫిర్యాదులోనే మొదటిసారి వచ్చింది, వాళ్లతో ఆ కుటుంబానికి పాత గొడవలున్నాయి. అప్పుడు న్యాయమూర్తి గొడ్డలి పట్టినవాడిని శిక్షించి, ఆ నలుగురినీ సంశయ లాభం కింద వదిలేయవచ్చు. మన కోర్టులు ‘ఒక్కచోట అబద్ధమైతే అంతటా అబద్ధమే’ అన్న సూత్రాన్ని పాటించవు కాబట్టి, రాత్రికి రాత్రి చేరిన పేర్లను తీసేసి మిగిలిన భాగం తన కాళ్ల మీద తాను నిలబడుతుందో లేదో విడిగా పరీక్షిస్తాయి.